బాధకాధిపతి పేరు చివర్న పలకాలి

బందరులో మా వీధి అరుగు మీదికి జాతకం పట్టుకుని వచ్చేవాళ్లు ఒకప్పుడు ఏలినాటి శని గురించీ, కుజదోషం గురించీ అడిగేవారు. ఈ మధ్య ఆ రెండింటికీ తోడు మూడోది వచ్చి చేరింది. "మాకు బాధకాధిపతి దశ నడుస్తోందటండి. ఏం పట్టుకున్నా కలిసిరాదటండి. ఎన్నేళ్లండి ఇది?" అంటూ కూర్చుంటున్నారు. గుడివాడ వెళ్లి కూర్చున్నా ఇదే మాట, దివిసీమ నుంచి వచ్చేవాళ్ల నోటా ఇదే మాట. మాట శాస్త్రంలో ఉన్నదే. దాన్ని వాడుతున్న తీరు మాత్రం శాస్త్రంలో లేదు. వృత్తిలో ఉన్నవాడిగా ఆ తీరు గురించి వివరంగా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

ముందు సూత్రం. లగ్నం చర రాశి అయితే, అంటే మేషం, కర్కాటకం, తుల, మకరం అయితే, పదకొండో ఇల్లు బాధక స్థానం. స్థిర రాశి అయితే, అంటే వృషభం, సింహం, వృశ్చికం, కుంభం అయితే, తొమ్మిదో ఇల్లు. ద్విస్వభావ రాశి అయితే, అంటే మిథునం, కన్య, ధనుస్సు, మీనం అయితే, ఏడో ఇల్లు. ఆ ఇంటి అధిపతి బాధకాధిపతి. రావలసిన ఫలాన్ని అడ్డుకునే గ్రహమని అతనికి పేరు. వైద్యనాథ దీక్షితుల జాతక పారిజాతంలో ఈ సూత్రం ఉంది. పదిహేడో శతాబ్దంలో కేరళలో పుట్టిన ప్రశ్నమార్గం దీన్ని బాగా విస్తరించింది. ఎంతకీ తగ్గని జబ్బో, కారణం తెలియని కష్టమో ఉన్న మనిషి వచ్చి అడిగినప్పుడు ప్రశ్న లగ్నం వేసి, ఏ దేవత అలిగింది, సర్పబాధా, పితృబాధా అని వెతకడానికి అక్కడ బాధక స్థానాన్ని వాడారు. అంటే కష్టం ముందే ఉంది, అది ఎటు నుంచి వచ్చిందో చూడటానికి ఇది పనిముట్టు. పుట్టిన జాతకం చూసి "నీకు కష్టం రాబోతోంది" అని చెప్పడానికి పుట్టింది కాదు. బాధక స్థానాల లెక్కలో కూడా ఆ గ్రంథం ఒక్క మతంతో సరిపెట్టలేదు. మనవైపు పరాశర మతంలో అందరం మొదట చదివే లఘు పారాశరి యోగకారకులనీ మారకులనీ విడమరిచి చెబుతుంది గాని, ఫలం చెప్పడానికి ఈ బాధకుణ్ని ఆధారం చేసుకోదు.

ఇక్కడే మొదటి జాగ్రత్త ఉంది. పన్నెండు లగ్నాలకూ బాధకాధిపతి ఉన్నాడు. బాధకుడు లేని జాతకం భూమ్మీద లేదు. కాబట్టి "మీ జాతకంలో బాధకాధిపతి ఉన్నాడు" అన్న మాటలో సమాచారమేమీ లేదు. ఆ మాట విని మనిషి మొహం మాడ్చుకుంటే చెప్పినవాడి తప్పే.

రెండో జాగ్రత్త ఇంకా లోతైనది. స్థిర లగ్నాలు నాలుగూ తీసి చూడండి. వృషభానికి తొమ్మిదో ఇల్లు మకరం, అధిపతి శని. అదే శని పదో ఇల్లయిన కుంభానికీ అధిపతి. సింహానికి తొమ్మిది మేషం, అధిపతి కుజుడు, నాలుగో ఇల్లయిన వృశ్చికమూ అతనిదే. కుంభానికి తొమ్మిది తుల, అధిపతి శుక్రుడు, నాలుగో ఇల్లయిన వృషభమూ అతనిదే. కోణానికీ కేంద్రానికీ ఒకే గ్రహం అధిపతి అయితే అతను ఆ లగ్నానికి యోగకారకుడని పరాశర మతం. అంటే వృషభ, సింహ, కుంభ లగ్నాలకు ఎవరిని మనం జాతకం మొత్తానికి మేలు చేసే గ్రహమని చదువుకున్నామో, బాధకుడూ అతనే. నాలుగో స్థిర లగ్నమైన వృశ్చికానికి చంద్రుడు యోగకారకుడు కాకపోయినా భాగ్యాధిపతి. ఈ సంగతి పట్టించుకోకుండా "బాధకుడు" అన్న ఒక్క పేరు పట్టుకుని ఫలం చెబితే, జాతకంలో ఉన్న అత్యంత మంచి దశను చెడ్డ దశగా చెప్పినట్టే.

మా డెల్టా వాళ్లకు నేను దీన్ని కాలువ లాకుతో చెబుతాను. తలుపు దించి నీరాపేదీ లాకే, తలుపెత్తి పొలానికి నీరిచ్చేదీ లాకే. లాకు ఉందని తెలియగానే పొలం ఎండిపోతుందని ఎవరూ అనుకోరు. తలుపు ఇప్పుడు ఎత్తి ఉందా, దించి ఉందా, ఎవరి చేతిలో ఉంది అని చూస్తారు. బాధకుణ్నీ అలాగే చూడాలి.

మూడో జాగ్రత్త అంకెలతో తేలేది. వింశోత్తరిలో మొత్తం 120 ఏళ్లు. శుక్రుడి మహాదశ 20 ఏళ్లు. మిగతా ఎనిమిది గ్రహాల మహాదశల్లోనూ శుక్ర భుక్తి వస్తుంది. వాటన్నిటినీ కూడితే 16 ఏళ్ల 8 నెలలు. మొత్తం 36 ఏళ్ల 8 నెలలు. అంటే కర్కాటక లగ్నం వాళ్లకూ, కుంభ లగ్నం వాళ్లకూ ఆయుష్కాలంలో నూటికి ముప్పై పాళ్లు శుక్రుడి మహాదశో, శుక్రుడి భుక్తో నడుస్తూనే ఉంటుంది. ఏ కష్టం వచ్చినా, వచ్చిన రోజున బాధకుడి కాలం నడుస్తూ ఉండే అవకాశం పదింట మూడు. కష్టమొచ్చింది, శుక్రుడు నడుస్తున్నాడు, కాబట్టి శుక్రుడే కారణం అనే ముందు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. తులా లగ్నానికి బాధకుడు రవి. అతని మహాదశ ఆరేళ్లే. భుక్తులన్నీ కలిపినా పన్నెండేళ్లకు లోపే. మరి కుంభ లగ్నం వాళ్లు తులా లగ్నం వాళ్లకన్నా మూడింతలు కష్టపడుతున్నారా? ఈ అరుగు మీద నేను చూసినంతలో అలాంటి తేడా కనబడలేదు.

ఈ మూడు జాగ్రత్తలూ ఒకే జాతకంలో ఎలా పనికొస్తాయో చెప్పడానికి దివిసీమ నుంచి వచ్చిన ఒకరి సంగతి రాస్తాను. మనిషిని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

ఆయన నాగాయలంక వైపు రొయ్యల రైతు. వయసు ముప్పై నాలుగు. భార్యను వెంటబెట్టుకుని వచ్చారు. వరసగా రెండు పంటలు పోయాయి. ఫైనాన్సు మీద తెచ్చిన మేత డబ్బులు కట్టాలి. వేరే ఊళ్లో ఒకరికి జాతకం చూపిస్తే కుంభ లగ్నం, శుక్ర మహాదశ, శుక్రుడు బాధకాధిపతి, ఇంకా తొమ్మిదేళ్లు ఇంతే, చెరువులు అమ్మేసుకోండి అన్నారట. ఉండదలచుకుంటే పెద్ద హోమం చేయించాలని, దానికో మొత్తమూ చెప్పారట. ఆ మొత్తం వాళ్ల ఒక చెరువు సీడ్ ఖర్చుకన్నా ఎక్కువ.

"అమ్మేయమంటారా సిద్ధాంతి గారూ?" అని ఆవిడే అడిగారు.

"అమ్మా, ముందు లగ్నం నిజంగా కుంభమేనా చూడనివ్వండి. అది తేలకుండా శుక్రుడి మాట ఎత్తకూడదు" అన్నాను.

ఆయన పుట్టింది ఇంట్లోనే, తెల్లవారుజామున. తండ్రి నోటుపుస్తకంలో 4.05 అని రాసుకున్నారు. ఆ రోజుకి, ఆ ఊరికి లెక్క కడితే కుంభ లగ్నం సుమారు 2.40కి మొదలై 4.20కి అయిపోతోంది. అంటే రాసిన టైముకీ లగ్నం మారే టైముకీ మధ్య పావుగంటే తేడా. ఆ రోజుల్లో పల్లెలో వాచీ పావుగంట ముందో వెనకో ఉండటం వింత కాదు. పైగా బిడ్డ పుట్టిన క్షణాన ఎవరూ వాచీ చూడరు. మంత్రసాని బయటికొచ్చి చెప్పాక చూస్తారు. ఇంకో చిక్కు కూడా ఉంది. మన గడియారం టైము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశానిది. బందరు సుమారు 81 డిగ్రీల 8 నిమిషాల దగ్గర ఉంది. ఆ తేడాకి స్థానిక కాలం అయిదున్నర నిమిషాలు వెనక. నాగాయలంక, అవనిగడ్డల వైపు ఆరు నిమిషాలు దాటుతుంది. పంచాంగంలో వేరే ఊరికి కట్టిన లగ్నాంత్య కాలాలు పట్టుకుని ఆ సవరణ మరిచిపోతే, సంధిలో పుట్టినవాడి లగ్నం అక్కడే తారుమారవుతుంది. అయనాంశ భేదం మరో అయిదారు నిమిషాలు అటో ఇటో లాగుతుంది.

లగ్నం మీనమైతే ఏమవుతుంది? బాధకుడు శుక్రుడు కాడు, బుధుడు. శుక్రుడు మూడు, ఎనిమిది స్థానాల అధిపతి అవుతాడు. మొత్తం కథ మారిపోతుంది. తొమ్మిదేళ్ల జీవితాన్ని తాకట్టు పెట్టే మాట పావుగంట అనుమానం మీద నిలబడి ఉంది. ఆ మాట చెప్పినవారు ఆ పావుగంట సంగతి వీళ్లకు చెప్పలేదు.

లగ్నం తేల్చడానికి జరిగిపోయిన సంగతులే ఆధారం. నేను అడుగుతాను, వాళ్లు చెబుతారు, నేను రాసుకుంటాను. అడిగేటప్పుడు ఏ భుక్తి నడిచిందో ముందు చెప్పను. చెబితే మనిషి దానికి తగ్గట్టు గుర్తు తెచ్చుకుంటాడు. చంద్రుడు రేవతి నక్షత్రం మొదటి పాదంలో ఉన్నాడు, బుధ దశ శేషం సుమారు పదహారేళ్లు. తర్వాత కేతువు ఏడేళ్లు. కాబట్టి ఇరవై మూడో ఏట శుక్ర మహాదశ మొదలు. అందులో శుక్రుడి సొంత భుక్తి 3 ఏళ్ల 4 నెలలు. బాధకుడి దశలో బాధకుడి భుక్తి, ఆ లెక్కన జీవితంలో అన్నిటికన్నా గట్టిగా అడ్డు పడవలసిన కాలం అది.

"ఇరవై మూడు నుంచి ఇరవై ఆరు దాకా ఏం జరిగింది బాబూ?" అని అడిగాను.

ఆ మూడేళ్లలో ఆయన పెళ్లయింది. నాన్నగారి వాటా పొలంలో మొదటి చెరువు తవ్వారు. పక్కనే ఎకరంన్నర కొన్నారు. పాత పెంకుటిల్లు తీసేసి డాబా వేశారు. ఇల్లు, నేల, నీరు, అన్నీ నాలుగో ఇంటి సంగతులు. జాతకంలో శుక్రుడు వృషభంలో ఉన్నాడు. కుంభ లగ్నానికి అది నాలుగో ఇల్లు, సొంత ఇల్లు, కేంద్రం. పంచ మహాపురుష యోగాల్లో మాలవ్యమని చెప్పేది ఇదే. జరిగింది దానికి సరిపోయింది. ఆ తర్వాత రాహు భుక్తి మూడేళ్లూ పంటలు బాగా పండాయి, ఇంకో రెండు చెరువులు లీజుకి తీసుకున్నారు. రెండు మూడు సంఘటనలతో లగ్నం రుజువైపోయిందని నేననను. కుంభం వైపు మొగ్గు చూపింది, అంతవరకే. కాని ఒకటి మాత్రం గట్టిగా తేలింది. కుంభ లగ్నమే అనుకున్నా, ఈ మనిషి విషయంలో ఈ శుక్రుడు పదేళ్ల పాటు ఇస్తూ వచ్చాడు. బాధకుడి పేరుతో వేసిన లెక్కకు సొంత జీవితమే ఎదురు సాక్ష్యం చెబుతోంది.

తర్వాత శుక్రుణ్ని పట్టి చూశాను. అతనితో కలిసిన గ్రహం లేదు. శని, కుజుడు, గురువు, ఎవరి దృష్టీ వృషభం మీద పడలేదు. మాంది ధనుస్సులో ఉన్నాడు, శుక్రుడితో లేడు. ఇది అవసరమైన పరీక్ష. జాతక పారిజాతం కూడా బాధకుణ్ని ఒంటరిగా నిలబెట్టి భయపెట్టదు. మాందినీ, ఖరేశుణ్నీ జతచేసి చూస్తుంది. ఖరేశుడంటే లగ్న ద్రేక్కాణం నుంచి ఇరవై రెండో ద్రేక్కాణానికి అధిపతి. ఈ జాతకంలో ఒక అంశం శుక్రుడికి వ్యతిరేకంగా పడింది. లగ్నం కుంభం మూడో ద్రేక్కాణంలో ఉంది కనక ఖరేశుడూ శుక్రుడే. అది దాచిపెట్టకుండా కాగితం మీద రాశాను. ఒకవైపు ఆ ఒక్క మచ్చ, మరోవైపు సొంత ఇల్లు, కేంద్రం, యోగకారకత్వం, దృష్టి దోషం లేకపోవడం, పదేళ్ల అనుభవం. తూకం ఎటు ఉందో చెప్పడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు.

మరి రెండు పంటలు ఎందుకు పోయాయి? శాస్త్రం లోపలే ఉండి చూసినా జవాబుకి శుక్రుడి దాకా వెళ్లనక్కర్లేదు. ఇప్పుడు నడుస్తున్నది గురు భుక్తి. శుక్ర దశలో అది 2 ఏళ్ల 8 నెలలు. గురువు ఈ లగ్నానికి ధన, లాభ స్థానాల అధిపతి. ఉన్నది కర్కాటకంలో, ఆరో ఇంట. ఉచ్చలో ఉన్నా ఇల్లు ఆరోది. రోగం, రుణం, శత్రువు చూసే ఇల్లు. వ్యయంలో, మకరంలో ఉన్న శని ఏడో దృష్టితో సూటిగా అతన్ని చూస్తున్నాడు. డబ్బు తెచ్చే గ్రహం జబ్బు, అప్పు ఉండే ఇంట్లో కూర్చుని, వ్యయాధిపతి కంట్లో ఉన్నాడు. ఇంతకన్నా వేరే కారణం వెతకాల్సిన పని ఏముంది? ఆ భుక్తికి ముగింపూ ఉంది. తొమ్మిదేళ్లు కాదు, నేను చూసేనాటికి మిగిలింది ఏడాది పైచిలుకు.

ఇంతవరకూ జాతకం. తర్వాత నేను చెరువు గురించి అడిగాను. పంట ఎన్నో రోజున పోయింది? రెండుసార్లూ నలభై అయిదు, యాభై రోజుల మధ్య. మేత తినడం తగ్గింది, రొయ్య గట్టు పక్కకి వచ్చి తేలింది, తలచిప్ప మీద తెల్ల మచ్చలు కనబడ్డాయి. వైట్‌స్పాట్. మా వైపు చెరువుల రైతుకి ఆ వైరస్ పేరు చెప్పనక్కర్లేదు. 2009లో వనామీకి అనుమతి వచ్చేముందు టైగర్ రొయ్య కాలం నుంచీ వాళ్లు దాన్ని చూస్తూనే ఉన్నారు. సీడ్‌కి పీసీఆర్ పరీక్ష చేయించారా అంటే మొదట్లో చేయించేవాళ్లట, తెలిసిన హ్యాచరీ కదా అని ఈ రెండు పంటలకూ వదిలేశారట. నీరు పెట్టేది ఎక్కడి నుంచి? పక్క చెరువుల వాళ్లు జబ్బొచ్చినప్పుడు నీరు వదిలే కాలువ నుంచే.

"అయ్యా, ఈ రెండూ సరిచేయకుండా శుక్రుడికి హోమం చేసినా, గురువుకి శనగలు దానం చేసినా మచ్చ మచ్చే" అన్నాను. సీడ్ పరీక్ష లేకుండా దించవద్దనీ, నీటిని ముందో చెరువులో నిలవబెట్టి, శుద్ధి చేశాకే వాడమనీ, గురు భుక్తి అయ్యేవరకూ కొత్త అప్పు మీద చెరువుల సంఖ్య పెంచవద్దనీ చెప్పాను. మొదటి రెండూ రొయ్యల సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పేవి. మూడోది జాతకం నుంచి చెప్పాను, కాని అప్పుల్లో ఉన్న మనిషికి జాతకం తెలియని పెద్దమనిషి కూడా అదే చెబుతాడు. నేనిచ్చే సలహా మామూలు వివేకానికి ఎదురు నిలిస్తే దాన్ని మళ్లీ ఒకసారి చూసుకోవడం నాకు అలవాటు. లీజు చెరువులు వదిలేసి, సొంత చెరువుల్లోనే తర్వాత పంట వేశారు. నిలబడింది. దాన్ని నేను జాతకానికి రుజువుగా చెప్పను. పరీక్ష చేసిన సీడ్ నిలబడింది.

ఆవిడ మోపిదేవి వెళ్లి సుబ్రహ్మణ్యేశ్వర స్వామిని చూసి వస్తామన్నారు. తప్పకుండా వెళ్లమన్నాను. బాధక స్థానం పేరు చెప్పి సర్పబాధ అనడం, మోపిదేవి పంపడం మా ప్రాంతంలో మామూలు. గుడికి వెళ్లడానికి బాధకుడు అక్కర్లేదు. అదే గుడికి భయంతో వెళ్లడానికీ భక్తితో వెళ్లడానికీ మనిషిలో తేడా ఉంటుంది. ఆ తేడా మా నోట్లోంచి వచ్చిన మాట వల్లే వస్తుంది.

గుడివాడలో ఇదే సమస్య వేరే రూపంలో ఎదురవుతుంది. అక్కడ ఎక్కువగా పెళ్లి సంబంధాల జాతకాలు చూస్తాను. ద్విస్వభావ లగ్నాలు నాలుగింటికీ బాధక స్థానం ఏడోది, అంటే కళత్ర స్థానమే. ధనుర్లగ్నం అమ్మాయికి భర్తను చెప్పే గ్రహం బుధుడు, బాధకుడూ బుధుడే. మిథున లగ్నానికి గురువు, కన్యకూ గురువే, మీనానికి బుధుడు. దీన్ని పట్టుకుని "ఈ పిల్లకు సప్తమాధిపతే బాధకుడు, పెళ్లి నిలవదు" అని చెప్పేస్తే, పన్నెండు లగ్నాల్లో నాలుగింటిలో పుట్టిన ఆడపిల్లలందరికీ, మగపిల్లలందరికీ ఒకే తీర్పు ఇచ్చినట్టే. ఊళ్లో మూడో వంతు మందికి సంసారం నిలవదని ఏ శాస్త్రమూ చెప్పదు.

ఇందులో ఇంకో తప్పు కలుస్తుంది. ధనుర్లగ్నానికి బుధుడు సప్తమాధిపతి కనక మారకుడంటారు. శుభగ్రహం కేంద్రాధిపతి కనక కేంద్రాధిపత్య దోషమంటారు. ద్విస్వభావ లగ్నం కనక బాధకుడంటారు. మూడు దోషాలున్నాయని కాగితం మీద మూడు గీతలు గీస్తారు. నిజానికి అక్కడున్నది ఒక్క సంగతే, బుధుడు ఏడో ఇంటికి అధిపతి కావడం. ఒకే సంగతికి మూడు పేర్లు పెట్టి మూడుసార్లు లెక్కపెట్టకూడదు. ఒక తల్లి అలాంటి కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. అమ్మాయికి రెండు సంబంధాలు ఆ మూడు గీతల వల్లే తప్పిపోయాయట. బుధుడు పదో ఇంట కన్యలో ఉన్నాడు. సొంత ఇల్లు, ఉచ్చ రాశి కూడా. "మీ అమ్మాయి ఉద్యోగం చేస్తోందా అమ్మా?" అంటే చేస్తోందన్నారు. "ఉద్యోగం చేసే చోటనో, ఉద్యోగం చేసే మనిషితోనో సంబంధం రావచ్చు. ఇందులో నాకు అడ్డేమీ కనబడటం లేదు" అని రాసి సంతకం పెట్టి ఇచ్చాను. వియ్యాలవారికి చూపించడానికి సంతకం కావాలి, అందుకే పెట్టాను.

బాధకుణ్ని అసలు వాడనే వాడనా అంటే, వాడతాను. మిగతా అంతా చూశాక వాడతాను. దశానాథుడు, భుక్తినాథుడు, వాళ్లున్న ఇళ్లు, లగ్నాధిపతి బలం, ఇవి చూసి ఒక అడ్డంకి ఉందని వేరే దారిన తేలినప్పుడు, అది ఏ వైపు నుంచి రావచ్చని అడగడానికి బాధక స్థానం పనికొస్తుంది. చర లగ్నానికి పదకొండో ఇల్లు కదా, అన్నగారి వల్లో, స్నేహితుల మాట విని పెట్టిన పెట్టుబడి వల్లో, వచ్చే లాభం మీద ముందే ఆశ పెట్టుకోవడం వల్లో ఆలస్యం కావచ్చు. స్థిర లగ్నానికి తొమ్మిదో ఇల్లు, తండ్రి ఆస్తి తగాదా, పెద్దల మాట పట్టింపు. ద్విస్వభావానికి ఏడో ఇల్లు, భాగస్వామి సంతకం, ఒప్పందం. ఇలా చెబితే మనిషి చూసుకోవడానికి ఒక చోటు దొరుకుతుంది. వెళ్లి తండ్రితో మాట్లాడతాడు, కాగితాలు చదువుకుంటాడు. "అడ్డు" అనే మాట చెప్పాల్సివస్తే అది ఏ పనికి, ఏ భుక్తి వరకు, ఏ వైపు నుంచి అన్న మూడూ కలిపే చెబుతాను. ఆ మూడిట్లో ఒకటి నాకు తెలియకపోతే ఆ మాట ఎత్తను.

దివిసీమలో పుట్టి పెరిగినవాళ్ల జాతకాలు చూసేటప్పుడు ఇంకో హద్దు కూడా గుర్తుంచుకుంటాను. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో పది వేల మందికి పైగా పోయారు. ఒకే రాత్రి, ఒకే నీళ్లలో, అన్ని లగ్నాల వాళ్లూ, అన్ని దశల వాళ్లూ పోయారు. వాళ్లందరికీ ఆ రోజు బాధకుడే నడిచాడని చెప్పేవాడెవడైనా ఉంటే వాడు లెక్క తెలియనివాడైనా అయ్యుండాలి, మనసు లేనివాడైనా అయ్యుండాలి. దేశానికి వచ్చిన ఆపద మనిషి జాతకాన్ని మించినదని మన పెద్దలే చెప్పారు. సముద్రం పక్కన కరకట్ట ఎంత ఎత్తుందో, తుఫాను షెల్టరు ఎంత దూరంలో ఉందో అన్న ప్రశ్నకు లగ్నంలో జవాబు ఉండదు. ఆ ఉప్పెనలో ఇళ్లతో పాటు నోటుపుస్తకాలూ, తాటాకు జాతకాలూ పోయాయి. అంతకు ముందు పుట్టిన చాలామందికి ఇవాళ ఉన్నది తల్లి చెప్పిన గుర్తే. "తొలికోడి కూశాక", "లాంతరు వెలిగించే వేళ" అన్న మాటలతో వచ్చినవాళ్లకు లగ్నమే రెండు రాశుల మధ్య ఊగుతుంటుంది. అక్కడ బాధకుడి పేరు ఎత్తడానికే నాకు హక్కు లేదు. చంద్రుణ్ని బట్టి చెప్పగలిగింది చెబుతాను. బాధకుడు లగ్నంతో తేలేవాడు, కాబట్టి ఆ గడి ఖాళీగా వదిలేస్తాను.

రోగాల విషయంలో నియమం ఇంకా గట్టిది. జబ్బు మనిషి జాతకంలో బాధకుణ్ని చూసి మందు ఆపమనో, ఆపరేషన్ వాయిదా వేయమనో చెప్పడం నేను చేయను, నా దగ్గర నేర్చుకునేవాళ్లను చేయనివ్వను. డాక్టరు ఇచ్చిన తేదీని బాధకుడి భుక్తి పేరుతో జరిపితే, ఆ మధ్యలో జరిగే నష్టానికి ఏ గ్రహమూ బాధ్యత తీసుకోదు.

నా దగ్గర జాతకం రాయించుకున్నవాళ్లకు ఇచ్చే కాగితంలో ఒక వరస ఉంది. మొదట పుట్టిన టైము, అది ఎవరు చెప్పారు, లగ్నం మారే టైముకి ఎన్ని నిమిషాల దూరంలో ఉంది. తర్వాత యోగకారకుడు ఎవరు, ఎక్కడున్నాడు. తర్వాత గడిచిన దశల్లో నిజంగా జరిగినవి, వాళ్ల మాటల్లోనే. ఆ తర్వాత ఇప్పుడు నడుస్తున్న దశ, భుక్తి, ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తాయో తేదీలతో. బాధకాధిపతి పేరు అన్నిటికన్నా కింద వస్తుంది. దాని పక్కన ఆ గ్రహానికి ఈ లగ్నంలో ఉన్న మిగతా అధికారాలన్నీ రాస్తాను. పై వరసల్లో ఎక్కడా అడ్డంకి కనబడకపోతే, ఆ పేరు ఎదురుగా "విశేషం లేదు" అని రాస్తాను. నేను రాసిన కాగితాల్లో ఎక్కువ వాటిలో ఆ చోట ఉన్నది ఆ రెండు మాటలే.